ఆదివారం పూత

అమ్మమ్మకు హస్తవాసి మంచిదని ఆ వీధిలో పేరు. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పమంటే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. ఒకరి పిల్లకు చెమటకాయలు తగ్గాయి, ఇంకొకరి కూతురికి మొటిమలు అణిగాయి. అవి వాటంతట అవే తగ్గే రోజులే అయ్యుండొచ్చు. కానీ డెబ్బై మూడేళ్ల మనిషి మోకాళ్లు పీకుతున్నా పీట వాల్చుకుని, సానరాయి ముందు కూర్చుని గంధం అరగదీస్తుంటే, ఎదురుగా ఉన్నవాళ్లకు సగం రోగం అక్కడే తగ్గినట్టుంటుంది.

ఆవిడ పద్ధతులు ఆవిడవి. వంటింటి పసుపు మొహానికి దగ్గరకు రానివ్వదు. అది రాసుకుంటే రెండు రోజులు పచ్చటి మొహంతో తిరగాలి. కర్పూరం వాసన వేసే కస్తూరి పసుపు కొమ్ములు తెప్పించి, ఎండబెట్టి, దంచి, పాత చీర ముక్కలో జల్లించి సీసాలో పోసుకుంటుంది. గంధం మాత్రం పొడి కొనదు, చెక్కే. రాయి మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి, చెక్కను గుండ్రంగా తిప్పుతూ అరగంట కూర్చుంటే చెంచాడు గంధం దిగుతుంది. అందులో చిటికెడు పసుపు, కాస్త పచ్చిపాలు. కొత్తవాళ్లెవరైనా వస్తే ముందు మోచేతి మడతలో రాసి, మర్నాడు దురద లేకపోతేనే మొహానికి రాస్తుంది. పూత పూర్తిగా ఎండి పగిలేదాకా ఉంచితే చర్మం లాగేస్తుందని, తడి ఆరీ ఆరకముందే చన్నీళ్లతో కడిగించేస్తుంది.

ఆవిడ మనవరాలు అమ్మలు కంటి ఆసుపత్రిలో పేర్లు రాసే కౌంటర్లో పనిచేస్తుంది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా నెత్తిన ట్యూబులైట్లు, ఎదురుగా క్యూ. చుక్కల మందు వేసుకుని కళ్లు మసకబారిన మనుషులు కూడా మొటిమలు, మచ్చలతో వాడిన ఆమె మొహం చూసి, ఒంట్లో బాగా లేదా అమ్మాయీ అని అడిగేవారు. ఇరవై తొమ్మిదేళ్లకే ఆ ప్రశ్న వినీ వినీ ఆమెకు విసుగు పోయి నీరసం మిగిలింది. ఒకరోజు మేనేజరు పిలిచి, ముందు కౌంటర్లో కూర్చునేవాళ్లు కాస్త ఫ్రెష్‌గా కనిపించాలని, లేకపోతే లోపల ఫైళ్ల గదికి మారుస్తానని చెప్పాడు. ఫైళ్ల గదికి కిటికీ లేదు. పక్క కౌంటరు పిల్ల జాలిపడి తన బ్యాగులోంచి ఒక ట్యూబు తీసి చూపించింది. మొహానికి కాంతి, పదిహేను రోజుల్లో తేడా అని అట్ట మీద ఉంది. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని కూడా ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. మందుల షాపతను చీటీ అడగలేదు, ఆమె ఆ అక్షరాలు చదవలేదు.

పడుకునే ముందు శనగగింజంత తీసి రాసుకునేది. పదో రోజుకే తేడా కనిపించింది. మొటిమలు మాయం, మచ్చలు పలచన, రంగు కాస్త తెలుపు, చెంపలు అద్దంలా నున్నగా. మేనేజరు ఫైళ్ల గది మాట మళ్లీ ఎత్తలేదు. అసలు చిక్కు ఇంట్లో వచ్చింది. ప్రతి ఆదివారంలాగే గంధం రాయబోయిన అమ్మమ్మ మనవరాలి గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసి, తన పూత ఇన్నాళ్లకు పట్టిందని పొంగిపోయింది. అమ్మలు అప్పుడే చెప్పాల్సింది. చెబితే తిడుతుందని భయం కొంత, ఆ మొహంలో సంతోషం చూసి నోరు రాకపోవడం కొంత. నీళ్లు నమిలి ఊరుకుంది. ఆ ఊరుకోవడమే కొంప ముంచింది.

పైవాటాలో కుట్టుమిషనావిడ ఉంటుంది. ఆవిడ కూతురికి పందొమ్మిదేళ్లు, రంగు తక్కువని రోజుకు పదిసార్లు అద్దం చూసుకుని దిగులుపడే పిల్ల. అమ్మలు మొహం చూసి వాళ్లు కిందికి దిగారు. అమ్మమ్మ ఆ పిల్లకూ పూత మొదలుపెట్టింది. తర్వాత ఇంకో ఇద్దరు వచ్చారు. ఆదివారం ఒక్కరోజు అరగదీసే గంధం వారానికి నాలుగు రోజులైంది. ఆవిడ కుడిచేతి మణికట్టు వాచింది. అయినా ఎవరడిగినా మనవరాలిని పిలిచి, చూడండి, ఇదే సాక్ష్యం అనేది. అమ్మలు చెంపలు చూపించి లోపలికి వెళ్లిపోయేది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది, మళ్లీ పడుకునే ముందు ట్యూబు తీసేది. నిజానికి రెండో నెల నుంచే బస్సు దిగి నాలుగడుగులు ఎండలో నడిస్తే చెంపలు మండేవి. దవడల మీద లేత నూగు కూడా కనిపించింది. ఎండలు ముదిరాయని సరిపెట్టుకుంది.

మూడో నెల చివర షాపులో ట్యూబు దొరకలేదు. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అంటూ వారం గడిచింది. ఐదో రోజుకు మొహం ఎర్రబడింది. ఆరో రోజుకు దురద, మంట, గుత్తులుగా పొక్కులు. ఆదివారం అమ్మమ్మ, వేడి చేసిందే తల్లీ, చలవ చేస్తుంది ఉండు అని గంధం పూసింది. అమ్మలు పళ్లు బిగబట్టి కూర్చుంది. రెండు నిమిషాలకే తట్టుకోలేక కుళాయి దగ్గరికి పరుగెత్తింది. కడుక్కుని తలెత్తేసరికి మొహమంతా కందిపోయి ఉంది.

 ఆ మొహం చూసి అమ్మమ్మ ముందు పసుపు మీద అనుమానపడింది. గాజుగ్లాసులో నీళ్లు పోసి చిటికెడు పొడి వేసి చూసింది. రంగు కలిపిన సరుకైతే నీళ్లు ఒక్కసారిగా ముదురు పసుపెక్కుతాయి. ఇది నెమ్మదిగా అడుగుకు దిగింది, నీళ్లు లేతగానే ఉన్నాయి. చెక్క వాసన చూసింది, అదీ మంచిదే. పాలు విరగలేదు. ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతే చివరికి ఆవిడకు తన చెయ్యి ఒక్కటే మిగిలింది. సాయంత్రం కర్ర పట్టుకుని మెట్లెక్కి, ఇక నా పూత వాడకండి, నా చేత్తో నా పిల్ల మొహమే కాల్చుకున్నానని చెప్పి వచ్చింది. కుట్టుమిషనావిడ ఊరుకోలేదు. మా పిల్లకేమైనా అయితే ఎవరిది పూచీ అని వీధికి వినపడేలా అడిగింది. అమ్మలు ఆ మాటలన్నీ కింద గదిలో తడిగుడ్డ మొహం మీద వేసుకుని వింది.

చర్మం డాక్టరు దగ్గరికి అమ్మమ్మ తనూ వస్తానంది. మూట కట్టుకుని వచ్చింది. డాక్టరమ్మ బల్ల మీద పసుపు సీసా, గంధపు చెక్క పెట్టి, నేరం ఒప్పుకునే మనిషిలా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

డాక్టరమ్మ ఇంకేమైనా రాశారా అని అడిగింది. అమ్మలు లేదంది. అమ్మమ్మ పక్కనుంటే ఆ ఒక్క మాటే వచ్చింది. డాక్టరమ్మ వాదించలేదు. చిన్న లైటున్న భూతద్దం చెంపకు ఆనించి చాలాసేపు చూసింది. తర్వాత అమ్మమ్మ వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది.

"మామ్మగారూ, పసుపైనా గంధమైనా పడని వాళ్లకు దద్దురు వస్తుంది. అది నిజం. కానీ చర్మం ఉల్లిపొరలా పలచబడి లోపలి సన్నటి రక్తనాళాలు ఇలా ఎర్రగా కనపడవు, చెంపల మీద నూగు రాదు. ఇది స్టెరాయిడు కలిసిన క్రీము పని. అది రాసినన్నాళ్లు రక్తనాళాలను నొక్కి ఉంచుతుంది, అందుకే తెల్లగా, నున్నగా కనపడుతుంది. ఆపగానే అవన్నీ ఉబికి మొహం మండుతుంది. ఆ చర్మం మీద ఏం రాసినా మంటే, నీళ్లు పోసినా మంటే."

 అమ్మలు అమ్మమ్మ వైపు తిరిగింది.

"మూడు నెలలు రాశాను," అంది. "అమ్మమ్మా, ఆ రంగు నీ పూతది కాదు. ట్యూబుది."

అమ్మమ్మ ఆమె వైపు చూడలేదు. డాక్టరమ్మనే అడిగింది, అయితే నా పూత ఏం చేస్తుంది తల్లీ అని. డాక్టరమ్మ పసుపు సీసా మూత తీసి వాసన చూసింది. పైపైన మురికి, మృతకణాలు కాస్త పోతాయని, చల్లగా హాయిగా ఉంటుందని, కొందరికి మొటిమల వాపు కొంచెం తగ్గొచ్చని, రంగు మాత్రం మారదని చెప్పింది. మంచి మనిషి, అబద్ధం చెప్పలేకపోయింది. ఆపైన మందుచీటీ రాసింది. క్రీము మళ్లీ ముట్టుకోకూడదు, పూతా వద్దు. సబ్బు లేకుండా కడుక్కోవాలి, వాసన లేని లేపనం, ఎండకు అడ్డం పూసే మందు, కొన్నాళ్లు మాత్రలు. కొన్ని వారాలు ఇంకా ఎక్కువే మండుతుందని, మంటకు ఓర్చుకోలేక మళ్లీ ఆ ట్యూబే రాస్తే క్షణంలో చల్లబడుతుందని, మనుషులు ఇరుక్కునేది అక్కడేనని రెండుసార్లు చెప్పింది.

 ఇల్లు చేరాక అమ్మమ్మ గుమ్మంలోనే ఆగింది.

"నాతో చెప్పావు, సరే. నా పేరు పోయింది ఆ డాక్టరు గదిలో కాదే. పైకి పద."

అమ్మలు కొంగు మొహానికి అడ్డం పెట్టుకోబోయింది. అమ్మమ్మ దాన్ని తీసేసింది. ఇద్దరూ మెట్లెక్కారు, ఒకరికి మోకాళ్లు, ఒకరికి మొహం. కుట్టుమిషనావిడ మిషను ఆపింది. అమ్మలు నిలబడే చెప్పింది, ట్యూబు సంగతి, మూడు నెలల సంగతి, ఊరుకున్న సంగతి. డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పింది. అమ్మమ్మ తప్పు ఇందులో గోరంత కూడా లేదంది. కుట్టుమిషనావిడ మొహం చెల్లక, నేనూ తొందరపడ్డాను మామ్మగారూ అని కుర్చీ లాగింది. అమ్మమ్మ కూర్చుంది. ఎన్నాళ్ల తర్వాతో కూర్చున్నట్టు బరువుగా కూర్చుని, మణికట్టు నొక్కుకుంది. చూస్తున్న అమ్మలుకు ఏడుపు ముంచుకొచ్చింది. కన్నీళ్లు చెంపల మీద పడితే మండుతుందని ఆపుకుంది.

కిందికి దిగుతుంటే వెనక అడుగులు వినపడ్డాయి. కుట్టుమిషనావిడ కూతురు. తల్లి వినకుండా తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"ఆ ట్యూబు పేరేంటక్కా?"

అమ్మలుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేకపోయింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తన చెంప మీద పెట్టుకుంది. ఆ వేడికి ఆ పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంది. మెట్ల మీద వెలుతురులో ఆ ఎర్రటి మొహాన్ని, పొక్కుల్ని, పొలుసు లేస్తున్న గడ్డాన్ని కాసేపు చూసింది.

"ఎన్ని రోజులకు తెల్లబడ్డావు?" అని అడిగింది.