అమ్మవారి పక్కన కన్నీటి చుక్క

అమ్మవారి కిరీటం కోయకూడదు. ముఖం మీద అక్షరాలు పడకూడదు. పాదాలు కుడివైపు కింది మూలకు రాకూడదు, ఎందుకంటే అక్కడ వీడియో నిడివి నల్లటి పెట్టెలో వచ్చి కూర్చుంటుంది. భక్తిపాటల చానెల్‌కి థంబ్‌నెయిల్స్, అంటే వీడియో తెరవకముందు కనిపించే బొమ్మలు, చేయడం మొదలుపెట్టిన రోజునే ఆమె ఈ మూడింటినీ పసుపు చీటీ మీద రాసి మానిటర్‌కి అంటించుకుంది. చానెల్ బాబాయిది. పాడేది బాబాయి పెద్దక్క, అంటే ఆమెకు మేనత్త. బాబాయి ఇంటి ముందుగదిలోనే ఆఫీసు.

ఎరుపు మీద పసుపు పెట్టి అక్షరాలకు నల్ల అంచు గీసేది. నాలుగు మాటలకు మించితే ఫోన్‌లో చీమల బారులా కనిపిస్తాయని బొమ్మని అగ్గిపెట్టెంత చేసి చూసుకునేది. తల్లి ముఖం ఆ కొలతలోనూ తెలిస్తేనే పంపేది. ఇంత చాదస్తం చూసి బాబాయి నవ్వేవాడు.

"భక్తి సరేనమ్మాయ్, జనం వేలు పెట్టి నొక్కాలిగా! ముఖం కావాలి, ముఖం. ఏడ్చే ముఖమైతే మరీ మంచిది."

పోయిన వారం ఆయన ఒక క్లిప్ ఇచ్చాడు. మామయ్య పోయిన మూడు నెలలకు అత్త మొదటిసారి పాడిన రోజు అది. రెండో చరణంలో గొంతు పూడుకుపోయి ఆగింది, కళ్లు తుడుచుకుంది, కెమెరా ఆపలేదు. ఆ ముక్క తీసేస్తానని బాబాయి అప్పుడే మాట ఇచ్చాడు. ఇప్పుడు మాత్రం, "అత్త ముఖం ఒక్కటే కత్తిరించి పెట్టు, చానెల్ పేజీలో పరిచయానికి," అన్నాడు.

ఏడుపు ముఖంతో పరిచయమేమిటని ఆమె అడగలేదు. వెంట్రుక వెంట్రుకా విడదీసి కత్తిరించింది. "ఆ చుక్క కాస్త మెరిపించు," అన్నాడు. మెరిపించింది కూడా.

మర్నాడు పొద్దున ఫోన్‌లో చానెల్ తెరిచేసరికి ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆ పాట వీడియో మీద బాబాయే పెట్టిన థంబ్‌నెయిల్‌లో సగం నిండా అత్త ముఖం. చెంప మీద ముత్యమంత చుక్క, దాని చుట్టూ ఎర్ర సున్నా, దాని వైపు ఎర్ర బాణం. "ఈ తల్లి ఎందుకు ఏడ్చిందో తెలిస్తే మీరూ ఏడుస్తారు!" అని రెండు వరుసల్లో పెద్దక్షరాలు. అమ్మవారు మూలకు నక్కి ఉంది. కిరీటం తెగింది, పాదాల మీద నల్లపెట్టె. కాపలా ఉండాల్సిన కుక్కే కూడు తిన్నట్టుంది ఆ ఇంటి భక్తి! తను కోసిన బొమ్మే, తను మెరిపించిన చుక్కే. కోపం బాబాయి మీద ఎంత వచ్చిందో తన మీద అంత వచ్చింది.

ఆఫీసుకి వెళ్లేసరికి అత్త అక్కడే ఉంది, చెప్పులు కూడా విప్పలేదు.

"నలభై వేలమంది చూశారక్కా," అంటున్నాడు బాబాయి, "నీ పాట ఎప్పుడైనా ఇంతమంది విన్నారా?"

"విన్నారా, చూశారా?" అంది అత్త. "నేను అమ్మ ముందు ఏడ్చాను రా. నీ గిరాకీ ముందు కాదు. అమ్మకంటే పెద్దగా నన్ను నిలబెట్టావు, సిగ్గులేదూ? పొద్దుట్నుంచి ఫోన్లు. మళ్ళీ ఏమైందమ్మా, మళ్ళీ ఎవరు పోయారమ్మా అని! ఏం చెప్పను?"

బాబాయి తల దించుకోలేదు. "అందరూ చేసేదే కదక్కా."

అత్త తెరమీద వేలు పెట్టింది. "నా కన్నీళ్లు ఇలా మెరవలేదు. ఈ చుక్క ఎవరు పెట్టారు?"

బాబాయి చూపు మెల్లగా అమ్మాయి వైపు జరిగింది. తను తప్పించుకునే దారి వెతుక్కున్నాడు, పిరికి మనిషి.

"నేనే అత్తా," అంది ఆమె. "పరిచయానికి అన్నాడు, నమ్మాను. చుక్క మెరిపించమన్నప్పుడైనా ఆగాల్సింది."

అత్త తెరమీంచి వేలు తీసేసింది.  అమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుంది. బాబాయి మౌస్ మీద చెయ్యి వేయబోతే, "తీయండి చెయ్యి!" అంది. ఆయనతో ఆ గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు. పాత ఫైలు తెరిచింది. అమ్మవారు మధ్యలో, కిరీటం నుంచి పాదాల దాకా నిండుగా. మూల ఖాళీ. పాట పేరు మూడు మాటలు. ఎవరి ఏడుపూ లేదు. బాబాయి పెట్టిన బొమ్మ తీసి అది పెట్టింది. వీడియోలో గొంతు పూడుకున్న ముక్కనీ కత్తిరించి తీసేసి, మార్పు భద్రం చేసింది.

"రేపట్నుంచి రావొద్దు," అన్నాడు బాబాయి.

"రాను," అంది. "అత్తా, తీసేశాను. చూడు."

అత్త తెరవైపు చూడలేదు. తన ఫోన్ తెరిచి ఆమె చేతిలో పెట్టింది. బంధువుల గ్రూపులో బాబాయి పెట్టిన ఆ బొమ్మే, ఎవరో ఫొటో తీసి పంపినది. దాని కింద అదే మరొకరు, ఆ కింద ఇంకొకరు. ఏడుపు బొమ్మలూ, దండాలూ.

"ఇక్కడ తియ్యమ్మా," అంది అత్త.