ఇరవై నాలుగు అని రాసిన రోజు

ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పగటి షిఫ్టుకు ఆరువందల మంది భోంచేస్తారు. వంటగదికి పెద్ద మామయ్యే. వరసకు ఒక్క అమ్మాయికే మేనమామ అయినా, అంట్లు తోమేవాళ్ళ దగ్గర్నుంచి సూపర్‌వైజరు దాకా అందరూ ఆయన్ని మామయ్యనే పిలిచేవారు. ఆ మేనకోడలు అదే క్యాంటీన్‌లో నాణ్యత పరీక్షలు చేస్తుంది. తండ్రి పోయాక ఆమెను చదివించింది మామయ్యే, ఆ ఉద్యోగం ఖాళీగా ఉందని చెప్పి దరఖాస్తు పెట్టించిందీ ఆయనే.

రోజూ వేపుళ్ళు పూర్తయి నూనెలో బుడగలు అణిగాక ఆమె నూనె ఎంత పాడైందో చూపే మీటరు పట్టుకుని ఫ్రయ్యర్ దగ్గరకు వచ్చేది. పొడవాటి కడ్డీని వేడి నూనెలో ముంచి నెమ్మదిగా కలియదిప్పితే అంకె నిలబడేది. ఇరవై ఐదు దాటితే ఆ నూనె పారబోయాలి. అంకెను రిజిస్టర్‌లో ఎక్కించి సంతకం పెట్టాలి.

ఆ వారం నూనె లారీ రాలేదు. రేపు, రేపు అంటూనే నాలుగు రోజులు గడిచాయి. రోజూ గడ్డకట్టిన బంగాళదుంప ముక్కలు బస్తాలకు బస్తాలు అదే నూనెలో వేగుతున్నాయి. మూడో రోజుకు నూనె నల్లబడి, ముక్కలు వెయ్యకముందే పొగ లేచింది. కళ్ళు మండి అందరూ దగ్గారు. ఆ రోజు అంకె ఇరవై ఐదు దగ్గరే ఆగింది. నాలుగో రోజు మధ్యాహ్నం ఆమె వచ్చేసరికి మాత్రం నూనె తేనెరంగులో మెరుస్తోంది. పొగ జాడే లేదు.

కడ్డీ ముంచింది. ముప్పై. తుడిచి మళ్ళీ ముంచింది. ముప్పైన్నర.

"ఏమైంది?" అన్నాడు మామయ్య, భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ.

"ఇది పారబోయాలి మామయ్యా."

"కళ్ళున్నాయా నీకు? రంగు చూడు. పొగ వస్తోందా? పొద్దున తెల్లపొడి వేసి వడకట్టా. స్టోరులో మిగిలిన డబ్బాడు కొత్త నూనె కూడా కలిపా. ముప్పై ఏళ్ళుగా నా ముక్కు చెప్పనిది నీ పుల్ల చెబుతుందా?"

"పొడి రంగునీ, పొగ రప్పించే ఆమ్లాల్నీ పట్టుకుంటుంది. మిగతా చెడుని చాలావరకు వదిలేస్తుంది." ఆమె గొంతు తగ్గించింది. "ముక్కల్లో నీళ్ళుంటాయి కదా. ఆ వేడిలో నీళ్ళు నూనెని విడగొడితే ఆమ్లాలు విడిపోతాయి. అవి పెరిగినకొద్దీ నూనె తక్కువ వేడికే పొగలేస్తుంది. రెండొందల ముప్పై డిగ్రీల దగ్గర పొగ రావాల్సింది నిన్న నూట ఎనభైకే వచ్చింది. కళ్ళు మండింది ఆ పొగకే. ఇంకోపక్క గాలి తగిలి నూనె పాడవుతుంది, పాడైన అణువులు ఒకదానికొకటి అతుక్కుని నూనెని చిక్కబరుస్తాయి. ఇలా మారిపోయినవాటినే పోలార్ పదార్థాలంటారు. మీటరు లెక్కపెట్టేది వాటిని. పొగ ఆగిందని అవి పోయినట్టు కాదు."

"మరి కొత్త నూనె కలిపితే తగ్గలేదూ?"

"కాస్త తగ్గే ఉంటుంది. లేకపోతే ఇంకా ఎక్కువ చూపించేది. పాత నూనెతో కలిస్తే కొత్తదీ త్వరగా పాడవుతుంది."

మామయ్య చుట్టూ చూశాడు. గిన్నెలు కడిగే చప్పుడు తప్ప దగ్గర్లో ఎవరూ లేరు. అప్పటిదాకా గట్టిగా ఉన్న గొంతు ఒక్కసారి దిగిపోయింది.

"ఈ నెలలో నా పేరు మీద తప్పులకి రెండు ఎర్రగీతలు పడ్డాయమ్మా. ఈ నూనె వాడానని మూడోది పడితే తీసుకెళ్ళి కూరగాయలు తరిగే బల్ల దగ్గర కూర్చోబెడతారు. రేపు పొద్దున లారీ వస్తుంది. ఈ ఒక్కసారికి చూసీ చూడనట్టు పోనీ."

ఆయన ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు. ఆమె పరీక్ష ఫీజు కట్టలేక ఇంట్లో కూర్చుంటే అడక్కుండానే వచ్చిన మనిషి. ఆమె పెన్ను తీసింది. ఇరవై నాలుగు అని రాసింది. సంతకం పెట్టింది.

మర్నాడు లారీ రాలేదు.

ఫ్రయ్యర్ దగ్గర పనిచేసే ఆవిడను గడియారమక్క అంటారు. పదకొండేళ్ళలో ఒక్కరోజూ ఆలస్యంగా రాలేదు. తడి దులపకుండా ఒక్క ముక్క కూడా నూనెలో వెయ్యదు. ఆ రోజూ ముక్కలున్న జల్లెడ రెండుసార్లు దులిపే నూనెలోకి దించింది. మామూలుగా అయితే పెద్ద పెద్ద బుడగలు లేచి పగిలిపోతాయి. ఆ రోజు సబ్బునురుగులా సన్నని నురగ లేచింది. పగలలేదు. పైకి, ఇంకా పైకి పొంగింది. ఆవిడ జల్లెడ పైకి లాగేలోపే నురగ అంచు దాటి మంట మీదకు జారింది.

గుప్పుమంది. గడియారమక్క వెనక్కి పరిగెత్తలేదు, మంటల పక్కనుంచే చెయ్యి చాచి గ్యాసు కట్టేసింది. ఎవరో మూత వేశారు, ఎవరో తడి దుప్పటి అని అరిస్తే ఇంకెవరో నీళ్ళు వద్దని అంతకంటే గట్టిగా అరిచారు. మంట ఆరాక చూస్తే ఆవిడ కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిపోయి ఉంది.

ప్రమాదం జరిగిన మూడో రోజు మేనేజరు గదిలో విచారణ. రిజిస్టర్ బల్ల మీద తెరిచి ఉంది.

"ముందురోజు రీడింగు ఇరవై నాలుగు. నూనె బాగానే ఉంది. అంటే తడి ముక్కలు వేసి ఉండాలి. ఆపరేటరు నిర్లక్ష్యం" అన్నాడు మేనేజరు. రాయడానికి కాగితం దగ్గరకు లాక్కున్నాడు.

మేనకోడలు మామయ్య వైపు చూసింది. ఆయన తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. ఆయన నోరు తెరుస్తాడేమోనని ఆమె ఎదురుచూసింది. గోడ మీద ఫ్యాను తల ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"ఆ అంకె నేను మార్చి రాశాను సార్" అంది. "మీటరులో ముప్పై వచ్చింది. అంత పాడైన నూనె చిక్కబడి బుడగల్ని పగలనివ్వదు, పొంగుతుంది. అక్క తప్పు ఏమీ లేదు."

"ఎందుకు మార్చావు?"

తన పేరు చెబుతుందేమోనని మామయ్య భుజాలు బిగుసుకోవడం ఆమెకు కనిపించింది.

"నా తప్పే సార్" అంది. ఆ మాట విన్నాక కూడా ఆయన భుజాలు వదులు కాలేదు.

ఆ సాయంత్రమే ఆమెను పని నుంచి తీసేశారు. గడియారమక్క పేరు మీద మచ్చ పడలేదు. చికిత్స భారం కంపెనీదేనని కాగితం వచ్చింది. మామయ్య తన చోటే ఉన్నాడు. రెండో వారంలో ఆయనే సూపర్‌వైజరు దగ్గరకెళ్ళి, మార్చి రాయమని అడిగింది తానేనని చెప్పాడట. ఆలస్యంగా చెప్పిన నిజానికి విలువ సగమే. ఆయన్ని తరిగే బల్లకు మార్చారు, ఆమెను మాత్రం వెనక్కి పిలవలేదు. ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "అన్నం తిన్నావా?" అన్నాడు. "తిన్నా" అంది.

ఆ ఆదివారం ఆమె గడియారమక్క ఇంటికి వెళ్ళింది. ఆవిడ ఎడంచేత్తో కూతురికి జడ వేయాలని తంటాలు పడుతోంది. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుంది.

"నాకోసం ఉద్యోగం పోగొట్టుకున్నావని అందరూ అంటున్నారు" అంది.

"నీకోసం కాదక్కా. నేను చేసింది నేను చెప్పా, అంతే."

గడియారమక్క తలూపింది. వదులైపోయిన జడ విప్పి మళ్ళీ మొదలుపెట్టింది.

"చెప్పావు, మంచిదే. నేను కాదనను. కానీ మంటకి ఒక్కరోజు ముందు చెప్పి ఉంటే..." అని ఆగింది. కోపంగా అనలేదు. అందుకే మేనకోడలు తలెత్తి చూడలేకపోయింది.

దువ్వెన అందుకుని, పిల్ల వెనక్కి జరిగి కూర్చుని, ఆ జడ తనే వేసింది.