లేబుల్ మీద అత్తయ్య

మా రైతు కంపెనీ గోదాములో మధ్యాహ్నమంతా పొట్టు ధూళి ఎండలో తేలుతూ ఉంటుంది. గింజలు శుభ్రం చేసే యంత్రం ఒకే రాగంలో మూలుగుతుంటే, కళ్లు తెరిచి ఉండగానే కల వచ్చినట్టుంటుంది. ఆ కలలో ఎటు చూసినా మా అత్తగారే. కొర్రల ప్యాకెట్ల లేబుల్ మీద ఆవిడ నవ్వు మొహం, దాని కింద "ఈమె పొలం నుంచి మీ వంటింటికి" అని రెండు ముక్కల కథ. ఇంట్లో ఒక్క అత్తగారితోనే వేగలేక చస్తుంటే, ఇక్కడ నాకు లేబుళ్ల చుట్టల నిండా అత్తగార్లు.

నిజం చెప్పాలంటే, ఆ బొమ్మ వచ్చాక ఆవిడ నడకే మారింది. సిటీ నుంచి ఎవరో ఇల్లాలు ఫోన్ చేసి "మీ కొర్రలే వండుకుంటున్నామమ్మా" అంటే, ఆ పూటంతా నన్ను పల్లెత్తు మాట అనలేదు.

ఈసారి గింజ పాలుపోసుకునే వేళకు వాన మొహం చాటేసింది. గ్రేడింగ్ నా పని. అత్తయ్య బస్తాల్లోంచి తీసిన నమూనా పళ్లెంలో పరిచాను. తేమ సరిగ్గానే ఉంది, రాళ్లు లేవు. సగం నిండిన గింజలు మాత్రం మరీ ఎక్కువ. మర ఆడించినా అవి పొట్టు వదలవు. రెండో గ్రేడు కింద పిండికి పోవాల్సిందే. ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

"ఆవిడవి మొదటి గ్రేడులో కలిపెయ్యమ్మా," అన్నాడు మేనేజరు.

"పొట్టు నోటికి తగిలితే సిటీ వాళ్లు మళ్లీ కొంటారా?"

"పోనీ, మీ చిన్నత్తగారి గింజ బాగుందిగా. అవే ఈ బొమ్మతో పంపేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది కదయ్యా!"

గుమ్మంలో అత్తయ్య. చిన్నత్తగారంటే ఆవిడ తోటికోడలు. ముందుగా విత్తింది కాబట్టి గట్టెక్కింది. పొలం గట్టు తగాదా నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

అత్తయ్య పళ్లెంలోంచి గుప్పెడు తీసి, అరచేతిలో నలిపి ఊదింది. సగం ఎగిరిపోయాయి.

"రెండో గ్రేడే. రాసెయ్," అంది.

ఈసారి ప్యాకెట్లలోకి చిన్నత్తగారి కొర్రలే. కొత్త లేబుళ్లు అచ్చయ్యేదాకా పాత బొమ్మనీ కథనీ కప్పేలా, చిన్నత్తగారి పేరున్న చీటీలు అంటించాలని తేలింది. అత్తయ్యే ముందుకొచ్చి కూర్చుంది.

"మీరెందుకు అత్తయ్యా? నేనంటిస్తాను."

"నువ్వు వంకరగా అంటిస్తావు."

ఒక్కో చీటీ తీసి, తన మొహం మీద తానే నొక్కుతోంది. చూడలేక నేను యంత్రం వైపు తిరిగాను. ఏడుపొచ్చేసింది.

"కొత్త లేబులుకి దాన్ని ఫొటో తీస్తారుగా," అంది కాసేపటికి. "నవ్వమని చెప్పు. మూతి బిగించుకుని కూర్చుంటుంది. నవ్వితే ఎంత బావుంటుందో అది! చూసి ఎన్నేళ్లయిందో."

"నేను చెబితే నవ్వుతారా? మీరు చెబితే గానీ..."

ఆవిడ చేతిలో చీటీ ఆగిపోయింది. దాన్ని పక్కన పెట్టింది. తర్వాత లేచి, వేళ్లకంటిన జిగురు తుడుచుకుంది.

"ఫోను తీసుకో," అంది. "నాతో రా."