దారి ఖర్చుల పద్దు

మూడో అంతస్తులో, సైకిల్ షాపు పైన, గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించిన గదిలో లెక్కలక్క తల పట్టుకుని కూర్చుంది. జీతం లేకపోయినా ఆ కమ్యూనిటీ రేడియోకు ఆరేళ్ళుగా కోశాధికారి ఆమే. సాయంత్రానికి ఏడాది బడ్జెట్ కమిటీ ముందు పెట్టాలి. ఎదురుగా గ్రాంటు ఆఫీసు ఉత్తరం.

నిరుడు స్వచ్ఛంద కార్యకర్తల దారి ఖర్చులకు అరవై వేలిచ్చారట, నాలుగు వేలే ఖర్చయిందట, మిగిలింది వెనక్కి పంపాలట. ఈ ఏడు కూడా ఆ పద్దు కింద నాలుగు వేలే మంజూరట.

తప్పెవరిది? ఎవరిదో అయితే నాలుగు తిట్టి ఊరుకునేది. నిరుడు మొదటి నెలాఖరున ఆమె బస్సు చార్జీల వోచర్లు పంచినప్పుడు ఎవరో ఒకాయన తనది చింపి బిస్కెట్ల డబ్బాలో పడేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక చూడాలి, చింపనివాడు పాపాత్ముడన్నట్టు తయారైంది వ్యవహారం! ఆమె మురిసిపోయి వార్షిక నివేదికలో లావు అక్షరాలతో రాసింది: మావాళ్ళు బస్సు చార్జీ కూడా ముట్టరు. తన గొయ్యి తానే తవ్వుకుంది మహాతల్లి.

తలుపు తోసుకుని కుట్టుపనామె వచ్చింది. గురువారం నాలుగింటి కార్యక్రమం ఆమెదే. ఇళ్ళల్లో మిషన్లు తొక్కే ఆడవాళ్ళకు ఏ బట్టకు ఎంత కూలి అడగాలో, ఏ కాంట్రాక్టరు ఎగ్గొడతాడో చెబుతుంది. రెండు బస్సులు మారి వస్తుంది.

"అక్కా, ఈ ఏడు నుంచి ఆ చార్జీలు నేను తీసుకుంటా. ఏమనుకోకేం."

"మరి నిరుడంతా నువ్వూ చింపావు కదే!"

"అందరూ చింపుతుంటే నేనొక్కదాన్నే చెయ్యి చాపనా? తల కొట్టేసినట్టుండదూ? పోయేటప్పుడు నడిచిపోయేదాన్ని. ఇప్పుడు మోకాలు మాట వినట్లేదు."

ఏడాది పాటు ఈ పిల్ల గంటన్నర నడిచి ఇల్లు చేరిందా! లెక్కలక్క కుర్చీ ముందుకు జరిపింది. "కూర్చో, చూస్తాను" అంది.

చూడ్డానికి ఏముంది? ప్రకటనల డబ్బుంది. మందుల షాపు, సిమెంటు షాపు, ట్యూషన్ సెంటరు కలిపి లక్షా నలభై వేలు. అందులో కరెంటుకూ లైసెన్సుకూ పోగా మిగిలేది తొంభై వేలు. ప్రకటనలు పెంచుదామంటే గంటకు ఇన్ని నిమిషాలకు మించి వేయకూడదని లైసెన్సులోనే ఉంది. ట్రాన్స్‌మిటర్‌లో ఆంప్లిఫయర్ మార్చడానికి పక్కగదిలో వైర్లు సరిచేస్తున్న ఇంజనీరు తమ్ముడు వేసిన అంచనా కూడా తొంభయ్యే.

"కాస్త తగ్గదా తమ్ముడూ?"

"తగ్గదక్కా. ఇప్పటికే సగం శక్తితో నడుస్తోంది. మందుల షాపాయన వీధిలోనే వినపడట్లేదు, ఇంకేం ప్రకటన ఇస్తాడు? ఇది చేయించకపోతే వచ్చే ఏడు ఆ డబ్బూ ఉండదు."

మరమ్మతుకు గ్రాంటు పైసా వాడకూడదు, అది కార్యక్రమాలకే. పోనీ కార్యక్రమాల పద్దులోంచి కొంచెం దారి ఖర్చులకు మళ్ళిద్దామని గ్రాంటు ఆఫీసుకు ఫోన్ చేసింది. ఆ అధికారి ఎంత మర్యాదగా మాట్లాడాడో!

"పద్దు మార్చాలంటే మా కమిటీ ఒప్పుకోవాలండీ. ఆర్నెల్లకోసారి కూర్చుంటుంది. అయినా మీవాళ్ళు ముట్టరని మీరే రాశారు కదండీ."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఉన్న నాలుగు వేలు తెల్లవారుజామున మార్కెట్ ధరలు చదివేవాడి ఆటోకే చాలవు. ఆ వేళకు బస్సులుండవు మరి.

పర్సు తీసింది. కుట్టుపనామె ఆ చేతిని పట్టుకుని ఆపేసింది.

"నీ సొంత డబ్బు నాకెందుకక్కా? స్టేషన్ ఇస్తే దర్జాగా తీసుకుంటా. నువ్విస్తే మా ఆయనకేం చెప్పను? వదిలెయ్, మోకాలు తగ్గాక వస్తాలే."

ఆ మోకాలు తగ్గేది కాదని ఇద్దరికీ తెలుసు. లెక్కలక్కకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక పద్దుల పుస్తకాన్ని ఫట్‌మని మూసింది.

సాయంత్రం కమిటీలో బడ్జెట్‌కు సరేనంటూ అందరూ చేతులెత్తారు. పైసా లోటు లేకుండా కుదిర్చావమ్మా అని అధ్యక్షుడు మెచ్చుకున్నాడు.

ఆంప్లిఫయర్ వచ్చింది. గురువారం నాలుగింటికి, మాట్లాడేవాళ్ళు లేక పాటలు పెట్టారు. స్టూడియో ఫోన్ మోగితే లెక్కలక్కే ఎత్తింది. ఎవరో ఆడమనిషి, వెనకాల కుట్టుమిషను చప్పుడు.

"అమ్మా, ఎన్నాళ్ళకు! మా ఇంట్లో ఇవాళే ఖంగుమని వినపడుతోంది. పక్కిళ్ళవాళ్ళందర్నీ పిలిచి కూర్చోబెట్టా. ఆమెను ఇవ్వండమ్మా ఒకసారి."

"ఆమె రాలేదమ్మా."

"అయ్యో. మరి మీరే చెప్పండి. కాంట్రాక్టరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కాలరు చొక్కాకి ఎంత అడగమంటారు?"

అవతల మిషను ఆగింది. అందరూ వింటున్నారు కాబోలు.

"నాకు తెలీదమ్మా" అంది లెక్కలక్క.