శుక్రవారం ఆగే స్క్రీన్

నజీర్ భాయ్ ఉద్యోగం మానేస్తూ నాకు ఒక అప్పగింత నోటు ఇచ్చాడు. మా దబీర్‌పురా ఆసుపత్రి డేటాబేస్ ఎక్కడెక్కడ మొరాయిస్తుందో, ఏం చేస్తే దారికొస్తుందో అందులో ఉంది. డిస్క్ నిండితే ఏం చేయాలి, బ్యాకప్ మధ్యలో ఆగితే ఎక్కడ చూడాలి, అన్నీ. ఆరో అంశం ఇది: "శుక్రవారం మధ్యాహ్నం అప్పుడప్పుడు కౌంటర్ల రక్తం బ్యాగులు ఇచ్చే స్క్రీన్ ఆగుతది. బ్లడ్ బ్యాంక్‌ల ఎవరో రికార్డు మార్చి, సేవ్ చెయ్యకుండ నమాజ్‌కు పోతరు. ఆ సెషన్ చంపు, అంటే వాళ్లు తెరిచిన స్క్రీన్ మన దగ్గర్నుంచే మూసెయ్యి. ప్రతిసారి పనిచేసింది."

నేను చేరిన తర్వాత మొదటి శుక్రవారమే స్క్రీన్ ఆగింది.

మా మేనేజర్ వెస్లీ సార్ వెనక నిలబడి ప్రాణం తీస్తున్నారు. "థియేటర్ల మున్నీ అని బాలింత, రక్తం ఆగుతలేదంట. కౌంటర్ల బ్యాగు రెడీ ఉంది, స్క్రీన్ పోనిస్తలేదు. నోట్ల రాసే ఉంది కద, చంపు!"

కమాండ్ టైప్ చేశాను. ఎంటర్ ఒక్కటే మిగిలింది. అయితే ఎవరి పని మధ్యలో కోస్తున్నానో తెలియకుండా కోయడం నాకు చచ్చినా నచ్చదు. సెషన్ ఏ కంప్యూటర్‌దో చూసి అక్కడికి ఫోన్ చేశాను. మొదటి రింగుకే టెక్నీషియన్ ఫర్హీన్ ఎత్తింది.

"నువ్వు సీట్లనే ఉన్నవా?"

"ఎక్కడికి పోత అక్కా? స్క్రీన్ ముందే ఉన్న."

"మరి సేవ్ చెయ్యి, తొందరగ!"

"నాతోని కాదక్కా. ఈ బ్యాగు రక్తం ఇచ్చినాయన ఇప్పుడే ఫోన్ చేసిండు, కామెర్లు వచ్చినయంట. 'ఇయ్యొద్దు' అని మార్చిన. సేవ్ కావాలంటే డాక్టర్ సాబ్ పాస్‌వర్డ్ కొట్టాలె, ఆయన జుమ్మా నమాజ్‌కు పోయిండు. వచ్చేదాక గిట్లనే తెరిచి పెడ్తం. తెరిచి ఉంటే బ్యాగు ఎవ్వరికీ పోదు కద?"

సెషన్ చంపితే సేవ్ కాని ఆ మార్పు మాయమవుతుంది. బ్యాగు మళ్లీ మంచిదే అంటుంది రికార్డు. స్క్రీన్ కదిలి, అది నేరుగా మున్నీకి వెళ్తుంది.

"కౌంటర్‌కు చెప్పండి సార్, ఆ బ్యాగు ముట్టొద్దని!" అని అరిచాను. వెస్లీ సార్ ఫోన్ అందుకున్నారు. ఫర్హీన్ అదే గ్రూపులో మ్యాచ్ చేసి ఉంచిన ఇంకో బ్యాగు పట్టుకుని థియేటర్‌కు పరుగెత్తింది.

మున్నీ గండం గడిచాక ఫర్హీన్ మా గదికి వచ్చింది. మొహంలో నవ్వు.

"మంచిగైందక్కా, ఇయ్యాల నా స్క్రీన్ మూసుకపోలే. ఎప్పుడూ జుమ్మా టైంకే దానంతటదే మూసుకపోతది. మల్ల తెరిచి మారుస్తుంటి."

నజీర్ భాయ్‌కి ఫోన్ చేశాను.

"భాయ్, ఆరోది ఎన్నిసార్లు చేసినవ్?"

"మస్తు సార్లు. ఏందమ్మా, పనిచేస్తలేదా?"

"చేస్తది భాయ్," అన్నాను. ఏడుపు ఆగలేదు.

వెస్లీ సార్ కుర్చీలో కూలబడ్డారు. ఇన్నాళ్లూ అలా సెషన్ చంపిన శుక్రవారాల్లో రక్తం ఎక్కించుకున్న వాళ్ల పేర్లన్నీ తీయమన్నారు.