క్యూ నిండితే వెనక్కి

"ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల ప్రమాదం" అని విచారణాధికారి చదువుతుంటే నా చెవుల్లోంచి పొగలు వచ్చాయి. ఆ ఉద్యోగి నా తమ్ముడు. లైన్‌మన్. చచ్చిన లైను అని ఆఫీసు ఇచ్చిన మాట నమ్మి స్తంభం ఎక్కాడు. లైను బతికే ఉంది. వాడి కుడి చేతికి ఇప్పుడు మూడు వేళ్ళే మిగిలాయి.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ నివేదికకు జతచేసిన కాగితం మీద నన్నే సంతకం పెట్టమన్నారు. కంట్రోల్ రూమ్‌లో ఏ స్తంభానికి కరెంటు ఉందో, ఏ స్తంభానికి లేదో తెరమీద చూపించే ప్రోగ్రాం ఒకటుంది. దాన్ని చూసుకునేది నేనే. "ప్రోగ్రాం సవ్యంగా పనిచేస్తోంది" అని నేను ధ్రువీకరిస్తే తప్పంతా వాడిదవుతుంది, వాడి ఉద్యోగం ఊడుతుంది.

"నువ్వు అక్కవి కాబట్టి వాడి తరఫున ఏం చెప్పినా చెల్లదమ్మా. కానీ ఈ సంతకం మాత్రం పెట్టాలి, సెక్షన్ నీది కదా," అన్నాడు పెద్దసారు. ఆయన మా విభాగానికి అధిపతి. ఆ ప్రోగ్రాం రాసింది కూడా ఆయనే. కుర్రతనంలో సి భాషలో ఒంటిచేత్తో రాశానని ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్ళకు వినిపిస్తుంటాడు.

అంటే నేను అక్కగా పనికిరాను, వేలిముద్రగా పనికొస్తాను. "చూసి పెడతాను సార్," అన్నాను.

"చూడ్డానికేముంది? ఇన్నేళ్ళుగా నడుస్తోంది."

"నడుస్తోంది సార్. నా తమ్ముడే నడవలేకపోతున్నాడు," అనేసి బయటికొచ్చాను. వాడికి కాళ్ళు బాగానే ఉన్నాయి. కోపంలో నోటికి ఏదొస్తే అది అన్నాను, అన్నందుకు సిగ్గుపడలేదు కూడా.

విచారణకు ముందు, ఆ ఉదయమే ఆసుపత్రిలో వాడిమీదా అరిచాను. మంచం పక్కన మా మరదలు కూర్చుని వాడి నోటికి చెంచాతో నీళ్ళు అందిస్తోంది. ఆ చెంచా చూడగానే నాకు ఆపుకోలేనంత కోపం వచ్చింది.

"ఒరే, ఎక్కేముందు టెస్టర్ పెట్టి చూడాలని నీకు తెలీదా?"

"తెలుసక్కా. ఉన్న ఒక్క టెస్టరూ వేరే గ్యాంగు పట్టుకెళ్ళింది. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అన్నారు. ఈలోగా ఎల్‌సీ వచ్చేసింది."

ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. ఈ లైన్లో కరెంటు లేదు, ఎక్కి పని చేసుకోండి అని కంట్రోల్ రూమ్ ఇచ్చే మాట.

"వస్తే? కాసేపు ఆగలేకపోయావా?"

"తెర మీద గ్రేగా ఉందన్నారు కదక్కా," అన్నాడు. "అది మీ ప్రోగ్రామే కదా."

మీ ప్రోగ్రామే అన్నాడు. వాడికి నామీద నిందేమీ లేదు, నమ్మకమే ఉంది. నాకు అదే ఎక్కువ మండింది.

విచారణ గదిలోంచి తిన్నగా నా సీటుకు వెళ్ళి ప్రోగ్రాం తెరిచాను. వెనకాలే పెద్దసారు వచ్చి నిలబడ్డాడు.

"తప్పంటూ ఉంటే డేటాలో ఉంటుంది," అన్నాడు. "వానల్లో మీ తమ్ముడు ఎక్కిన కాలనీకి పక్క ఫీడర్ లైను నుంచి లింకు కలిపారు. ఎంట్రీ చేసే ఆవిడ అది ఎక్కించి ఉండదు. లింకు లేకపోతే ప్రోగ్రాం ఏం చేస్తుంది?"

ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట. ఎంట్రీ చేసే ఆవిడ మూలన తన కంప్యూటర్ దగ్గర తల వంచుకుని కూర్చుంది. ఆవిడకు వినబడాలనే ఆయన అంత గట్టిగా అన్నాడు.

ఆ ప్రోగ్రాంలో ప్రతి స్తంభానికీ ఒక జాబితా ఉంటుంది: ఈ స్తంభానికి నేరుగా కలిసే స్తంభాలు ఏవేవి అని. గొలుసులాగా ఒకదాని తర్వాత ఒకటి. దాన్నే అడ్జసెన్సీ లిస్టు అంటాం. తమ్ముడు ఎక్కిన స్తంభం జాబితా ప్రింటు తీశాను. వానల్లో కలిపిన లింకు అందులో ఉంది. లింకుకు అవతలి స్తంభం జాబితా కూడా తీశాను. అందులో ఇది ఉంది. అటునుంచి ఇటూ, ఇటునుంచి అటూ రెండూ ఎక్కించింది ఆవిడ.

"చూశారా సార్? డేటా నిక్షేపంలా ఉంది."

ఆవిడ తలెత్తి నావైపు చూసి మళ్ళీ దించుకుంది.

ఇక మిగిలింది వెతికే భాగం. అది చాలా సులువైన పద్ధతి. సబ్‌స్టేషన్లతో మొదలుపెట్టి వాటిని క్యూలో నిలబెడతాం. క్యూ ముందున్నదాన్ని బయటికి తీసి, దాని జాబితాలో ఉన్న స్తంభాల్లో ఇంతకుముందు చూడనివాటికి కరెంటు ఉందని గుర్తు పెట్టి, వాటిని క్యూ చివర చేరుస్తాం. మధ్యలో స్విచ్ తీసి ఉంటే అటు వెళ్ళం. క్యూ ఖాళీ అయ్యేదాకా ఇదే పని. ముందు ఒక్క అంగలో చేరేవన్నీ వస్తాయి, తర్వాత రెండంగల్లో చేరేవి, ఆ తర్వాత మూడు. అన్నిటికంటే దూరంగా ఉన్నవి అన్నిటికంటే చివర వస్తాయి. గుర్తు పడినవి తెరమీద పచ్చగా వెలుగుతాయి. గుర్తు పడనివి కరెంటు లేనట్టు బూడిద రంగులో, అదే గ్రేగా, ఉండిపోతాయి.

తమ్ముడు ఎక్కిన రోజు ఆ కాలనీకి దగ్గర దారిలో ఉన్న స్విచ్ తీసేశారు. కానీ వానల్లో కలిపిన లింకు మీదుగా, పక్క ఫీడర్ అంతా చుట్టి, కరెంటు వస్తూనే ఉంది. అంటే కాలనీ ఆ రోజు వరసలో చిట్టచివరకు పోయింది. మరి చివరిదాకా ప్రోగ్రాం ఎందుకు వెళ్ళలేదు?

క్యూలో చేర్చే ఫంక్షన్ తెరిచాను. నాలుగే లైన్లు. క్యూ అంటే రెండువేల గళ్ళున్న ఒక వరస, మా భాషలో అర్రే. ఏ గడి దాకా నింపామో చెప్పడానికి రియర్ అనే అంకె. ముందునుంచి తీసేసినా ఆ గడిని మళ్ళీ వాడరు, రియర్ ముందుకే పోతుంది. మొదటి లైనులో ఇలా ఉంది: రియర్ రెండువేలకు చేరితే వెనక్కి వెళ్ళిపో. గుర్తు పెట్టడం ఆ తర్వాతి లైనులో, అంటే వెనక్కి వెళ్తే గుర్తు పడదు. లైను పక్కన పెద్దసారు రాసుకున్న వ్యాఖ్య: "ఇది ఎప్పుడూ జరగదు."

ఆయన రాసిన రోజుల్లో మొత్తం స్తంభాలు వెయ్యి కూడా లేవు. ఒక్కో స్తంభం ఒక్కసారే క్యూలోకి వస్తుంది కాబట్టి రెండువేలు ధారాళంగా సరిపోయాయి. ఇప్పుడు స్తంభాలు రెండువేల మూడువందలు దాటాయి. టికెట్ కౌంటర్ మూసేస్తే వరస చివర నిలబడ్డవాళ్ళు ఇంటికి పోవాల్సిందే. కనీసం అక్కడ మూసేశామని ఎవరో ఒకరు అరుస్తారు. ఇక్కడ ఆ దిక్కు కూడా లేదు. హెచ్చరిక లేదు, ఎర్రక్షరం లేదు. క్యూ నిండింది, చేర్చలేనన్న సంగతి ఎవరికీ చెప్పకుండా వెనక్కి వెళ్ళిపోయింది. మిగిలిన స్తంభాలన్నీ బతికుండగానే బూడిదయ్యాయి.

తెరను ఆయనవైపు తిప్పాను.

"ఎప్పుడూ జరగదా సార్?" అన్నాను ఆ లైను మీద వేలు పెట్టి.

ఆయన వంగి చదివాడు. చాలాసేపు చదివాడు. నాలుగు లైన్లకు అంతసేపు అక్కర్లేదు.

"ఓస్, ఇంతేనా. రెండువేలు తీసి ఐదువేలు పెట్టు. కంపైల్ చెయ్యి. గొడవ వదిలిపోతుంది," అన్నాడు గొంతు తగ్గించి. "నివేదిక ఎలాగూ రాసేశారు. టెస్టర్ పెట్టకపోవడం మాత్రం తప్పే కదా. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?"

"కాలింది మీ చేతులు కావు సార్!"

గది మొత్తం ఇటు తిరిగింది. పక్కగదిలోంచి విచారణాధికారి కూడా వచ్చాడు. నేను ఆయనకు చెప్పబోతుంటే అద్దం అవతల కంట్రోల్ రూమ్‌లో షిఫ్ట్ ఇంజినీరు ఫోన్లో మాట్లాడటం వినిపించింది. ఆ వారమే బదిలీ మీద వచ్చినవాడు.

"ఆఁ మేస్త్రీ, ఎల్‌సీ ఇస్తున్నాను, రాసుకో. కొత్త లేఅవుట్, చివరి స్తంభం. తెరమీద గ్రేగానే ఉంది."

కొత్త లేఅవుట్ అంటే అన్నిటికంటే దూరంగా ఉన్న మూల. ఇళ్ళింకా లేని చోటు, గ్రేగా ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు. నేను పరుగెత్తాను.

"స్విచ్ తీశారా?"

"నేను డ్యూటీ ఎక్కేసరికే గ్రేగా ఉంది మేడమ్. ముందు షిఫ్ట్ వాళ్ళు తీసేసి ఉంటారు."

"ఎవరూ తియ్యలేదు! అది ఏ రోజు చూసినా గ్రేనే! అక్కడిదాకా ప్రోగ్రాం వెళ్ళడమే లేదు!" నేను ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుని స్పీకర్ నొక్కాను. "మేస్త్రీ, మీవాళ్ళు ఎక్కారా?"

"నిచ్చెన వేస్తున్నామమ్మా."

"తియ్యండి. ముందు టెస్టర్ పెట్టండి. మీ దగ్గరుందా?"

"ఉందమ్మా. మీ తమ్ముడి సంగతి అయ్యాక నేను దాన్ని ఎవరికీ ఇవ్వట్లేదు."

పెద్దసారు, విచారణాధికారి, ఎంట్రీ చేసే ఆవిడ, అందరూ వచ్చి నిలబడ్డారు. తెరమీద కొత్త లేఅవుట్ బూడిద రంగులో నిశ్శబ్దంగా ఉంది. ఫోన్లో గాలి చప్పుడు, ఎవరో పొడవాటి కర్ర ఎత్తుతూ "అటు, కొంచెం అటు" అనడం వినిపించాయి. అంతలో టెస్టర్ కూత పెట్టింది. ఆపకుండా కూస్తూనే ఉంది.

"అమ్మో, నిండా ఉందమ్మా కరెంటు!" అన్నాడు మేస్త్రి.

"మీవాళ్ళని దూరంగా కూర్చోబెట్టు. నేను చెప్పేదాకా ఎవరు చెప్పినా ఎక్కొద్దు," అని ఫోన్ పెట్టేశాను. షిఫ్ట్ ఇంజినీరు తను రాస్తున్న ఎల్‌సీ కాగితాన్ని చించి, చించినవాటిని మళ్ళీ చించాడు.

విచారణాధికారి తెర వంక చూశాడు, ఫోన్ వంక చూశాడు. "ఇది... ఆ రోజు కూడా ఇలాగేనా?" అన్నాడు.

"ఇలాగే. ఆ రోజు టెస్టర్ లేదు, అంతే తేడా. గ్యాంగుకో టెస్టర్ ఎందుకు లేదో కూడా మీ నివేదికలో రాయండి."

"సరేనమ్మా, మార్చేస్తాంలే," అన్నాడు పెద్దసారు. "ముందు ఆ ఐదువేలు పెట్టు."

"పెట్టను సార్. ఇంకో పదేళ్ళకు ఐదువేలు నిండుతాయి. ఎన్ని స్తంభాలుంటే అంత క్యూ ప్రోగ్రామే అడిగి తీసుకుంటుంది ఇకమీద. అప్పటికీ ఎక్కడైనా చేర్చలేకపోతే నోరు మూసుకుని వెనక్కి వెళ్ళదు. తెర మొత్తం ఎర్రగా చేసి, నాకు తెలీదు అని చెబుతుంది. ఆ మాట చెప్పడం మీరు నేర్పలేదు దానికి."

నేను సంతకం పెట్టాల్సిన కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. "సవ్యంగా" అన్న మాట కొట్టేసి, ఆ నాలుగు లైన్లూ, పక్కనున్న వ్యాఖ్యతో సహా, దాని కింద రాశాను. రాసింది ఎవరో కూడా రాశాను. కాగితం తిప్పి పెద్దసారు ముందు పెట్టాను.

"ఇది మీరు రాసిన లైను. సంతకం మీరే పెట్టండి."

ఆయన విచారణాధికారి వంక చూశాడు. విచారణాధికారి జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. పెద్దసారు దాన్ని కుడిచేత్తో అందుకున్నాడు. నేను ఆ చేతినే చూస్తూ నిలబడ్డాను. ఐదు వేళ్ళూ ఉన్నాయి.