ఖాళీ కడుపు పరీక్ష

బొత్తాం అనే కుక్కకి రెండున్నరేళ్లు. దర్జీ మిషను కింద పడుకుని రాలిన గుండీలు నాకుతూ పెరిగింది కాబట్టి ఆ పేరొచ్చింది. ఒకరోజు పొద్దున్న నిద్రలోనే నాలుగు కాళ్లూ బిగుసుకుపోయి, నోట నురగ వచ్చి, ఉన్నచోటే తడిపేసుకుని ఒకటిన్నర నిమిషం కొట్టుకుంది. మూడు వారాలకి మళ్లీ అంతే. ఆ కంగారులో దర్జీ అంగీ చేతులు తారుమారు చేసి కుట్టేశాడు. అదే నయం, ఇంకో రోజైతే మెడే మరిచిపోయేవాడు.

"మెదడులో గడ్డేదో ఉండుంటుంది. ఇలా కొట్టుకోవడం నేను చూడలేను. ఇంజెక్షన్ చేయించి నొప్పి లేకుండా పంపించేద్దాం," అంది భార్య. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అదే పాట. దర్జీకి ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ మాటకి అడ్డు చెప్పి నెగ్గిన సందర్భం ఒక్కటీ గుర్తు రాలేదు. గడ్డ లేదని పశువుల డాక్టరమ్మ నోటివెంట వినిపించాలి, అదొక్కటే దారి.

మొదటిసారే డాక్టరమ్మ చెప్పింది, మళ్లీ వస్తే నోట్లో చెయ్యి పెట్టకుండా ఫోనులో తియ్యమని. రెండోసారి తీసిన ఆ వీడియో ఇప్పుడు రెండుసార్లు చూసింది. "మూర్ఛే. ఊరికే సొమ్మసిల్లి పడిపోవడం కాదు. వచ్చి రెండు రోజులైంది కదా, మంచిదే. ఫిట్స్ వచ్చిన వెంటనే చూస్తే బాగున్న కుక్క కూడా తిక్కగా కనిపిస్తుంది." గదిలో అటూ ఇటూ నడిపించింది. పాదం మడిచి పెడితే టక్కున తిప్పుకుందా లేదా చూసింది. కంటి ముందు చెయ్యి ఆడిస్తే రెప్ప వేసిందా అని రెండు వైపులా చూసింది. "రెండు వైపులా సమానమే. మెదడులో ఏదైనా ఉంటే ఒక పక్క తేడా చూపిస్తుంది, మామూలుగా. విషం లాంటిదేమైనా మింగిందా?"

"గుండీలే," అన్నాడు దర్జీ.

"అవి మొదటిసారి తీసిన ఎక్స్‌రేలో లేవు. మీ లెక్కలో తగ్గాయేమో చూసుకోండి," అంది డాక్టరమ్మ. ఇక మిగిలింది రక్తం. చక్కెర, కాల్షియం, మూత్రపిండాలు, లవణాలు. కాలేయానికి వేరే పరీక్ష. పన్నెండు గంటలు ఏమీ పెట్టకుండా ఒకసారి, అన్నం పెట్టిన రెండు గంటలకి మరోసారి రక్తం తియ్యాలి. "నీళ్లు తప్ప ఒక్క మెతుకు కూడా వద్దు."

ఫలితాలు వచ్చిన రోజు డాక్టరమ్మ నవ్వలేదు. అన్నీ బాగున్నాయి, కాలేయం లెక్క ఒక్కటే ఖాళీ కడుపున హద్దు దాటింది. పుట్టుకతో ఏదైనా రక్తనాళం కాలేయాన్ని తప్పించి పోతుంటే అక్కడ వడకట్టాల్సినవి మెదడుకెక్కి ఫిట్స్ రావచ్చు. దర్జీ ఆ కాగితం తిరగేసి వెనక కూడా చూశాడు. భార్య మాత్రం పైట కొంగు మెలిపెడుతూ గోడకేసి చూస్తోంది.

"ఒక్కటే అర్థం కావట్లేదు," అంది డాక్టరమ్మ. "తిన్నాక పెరగాల్సిన లెక్క తగ్గింది. దానంతటదే అలా అవడమూ ఉంది. అయినా అడుగుతున్నా, నిజంగా ఖాళీ కడుపేనా?"

"మా వంటింటికి నేనే తాళం వేశానండీ," అన్నాడు దర్జీ.

"తాళం చెవి ఎక్కడ పెట్టారు?"

"మా ఆవిడ దగ్గర."

"పొద్దున్నే మూలుగుతుంటే చూడలేకపోయాను," అంది భార్య, నేలకి చెబుతున్నట్టు. "వెన్న రాసిన రొట్టె. రెండే ముక్కలు." కొంగు ఇంకో మెలిక తిప్పి, "నాలుగు," అంది.

డాక్టరమ్మ ఈసారి బొత్తాన్ని ఆసుపత్రిలోనే ఉంచుకుంది. "కుక్కని కట్టెయ్యక్కర్లేదు, మీ ఆవిణ్ణి చూసుకోండి," అని దర్జీని పంపేసింది. మళ్లీ తీసిన రెండు లెక్కలూ హద్దులోనే వచ్చాయి.

"చక్కెర కాదు, కాల్షియం కాదు, కాలేయం కాదు. ఫిట్స్ రాని రోజుల్లో నడకా చూపూ బాగున్నాయి. ఈ వయసులో మొదలైంది. ఇంకా గట్టిగా తేలాలంటే మెదడు స్కాన్ తియ్యాలి. ఇంతవరకు చూసినదాన్నిబట్టి గడ్డ అనుకోను. కారణం కనబడని మూర్ఛ, వంశంలో వచ్చే రకం. మందుతో చాలామటుకు అదుపులో ఉంటుంది. పన్నెండు గంటలకోసారి, రోజూ, మీ అంతట మీరు ఆపకూడదు. రెండు వారాలకి రక్తంలో మందు ఎంతుందో చూస్తాను. ఫిట్స్ అయిదు నిమిషాలు దాటినా, ఒకే రోజులో రెండుసార్లు వచ్చినా, మామూలు రోజుల్లో పక్కకి ఒరిగి నడిచినా పరుగెత్తుకు రండి. మందెవరు వేస్తారు?"

"నేను," అన్నాడు దర్జీ.

"ఈయన చెప్పిన రోజుకి ఒక్క జాకెట్టైనా ఇచ్చాడేమో అడగండి," అంటూ భార్య మాత్రలు లాక్కుని, ఫోనులో ఉదయం ఆరుకీ సాయంత్రం ఆరుకీ అలారం పెట్టేసింది. "డాక్టరమ్మా, వెన్న రొట్టెలో పెట్టి వెయ్యొచ్చా?"

"చిన్న ముక్కలో వెయ్యండి. నాలుగు వద్దు."

దర్జీకి ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ తన నిద్ర పోగొట్టిన మనిషి ఈవిడే. "పంపించేద్దామన్నావు కదే," అన్నాడు.

ఆవిడ బొత్తాన్ని ఎత్తుకుని, దాని చెవులు సర్దుతూ, కళ్లు తుడుచుకుంది.

"అన్నాను. ఖాళీ కడుపుతో పంపించమన్నానా?"